నమస్కారము - ప్రతినమస్కారము

గత జూన్ నెలలో పాఠశాల తెరచిన మొదటి వారమున ఆరవ తరగతిలో ఒక బాలిక నన్నొక ప్రశ్న అడిగినది. నేను గదిలో అడుగిడగానే పిల్లలందరును లేచి నిలిచి, ఏకకంఠముతో "నమస్కారం సార్" అని పలికి కూర్చుండిరి. ఆమె మాత్రము కూర్చుండలేదు.

"సార్, మీరు రోజూ వస్తారు. మేము రోజూ చూస్తాము. మళ్ళీ రోజూ లేచి నమస్కారం ఎందుకు చెప్పాల?"

"పెద్దల యెడల గౌరవము చూపుటకమ్మా" అంటిని.

"అట్లయితే మనసులో గౌరవం ఉండి నోటితో చెప్పకుంటే తప్పా సార్? మనసులో లేకుండా నోటితో చెప్తే సరిపోతుందా?"

తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వి, "మంచి ప్రశ్న, కూర్చోమ్మా" అని పాఠములోనికి పోతిని. కాని ఆమె ముఖము చూచినప్పుడు, నేను ప్రశ్నను మెచ్చుకొని జవాబును ఎగవేసితినని ఆమెకు తెలిసినట్లే నాకు తోచినది. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియకపోలేదు. 20 ఏండ్లకు ముందే ఒక బాలుడు దానిని నాకు నేర్పియున్నాడు. అది చెప్పుకొనుటకు నాకు కొంచెము సిగ్గు. అందుచేతనే నాడు చెప్పలేకపోతిని. ఇప్పుడు మన పత్రికలో చెప్పుచున్నాను.

మన పిల్లలు "విష్ చేయడం" అని పిలుచు ఈ అలవాటు ఎంత కాలము పట్టునో మొదట చూతము. ఉపాధ్యాయుడు గుమ్మము దాటుట, పిల్లలు లేచుట, నమస్కారము పలుకుట, ఆయన బదులు పలుకుట, అందరును కూర్చుండుట, ఇదియంతయు కలిసి అర నిమిషము. దినమునకు 8 పీరియడ్లు. సంవత్సరమునకు పాఠశాల సుమారు 200 దినములు జరుగునని లెక్కవేసినచో, ఒక్కొక్క విద్యార్థి ఏడాదికి 1600 సార్లు, ఆరవ తరగతి మొదలు పదవ తరగతి ముగియు లోపల 8000 సార్లు లేచి నమస్కరించును. గుణింతములు గాని ఎక్కములు గాని ఇన్ని సార్లు వల్లించిన పిల్లవాడు ఉండడు. ఇన్ని సార్లు చేయు పని ఏదో యొక గుణమును పెంపొందింపక మానదు. ఆ గుణము గౌరవమా, లేక ఒట్టి బద్ధకమా అనునదే ప్రశ్న.

ఎందుకన, ఈ నమస్కారము చెడిపోవుట మిక్కిలి సులభము. చెడిపోయిన నమస్కారమును వరండాలో నుండియే గుర్తింపవచ్చును. "గు...డ్ మా...ర్నింగ్ సా...ర్" అని ఊయల ఊగినట్లు సాగుచుండును. ముందు బెంచీవారు ముగించునప్పటికి వెనుక బెంచీవారు మొదలుపెట్టుదురు. కొందరు సగము లేచి, చేతులు బల్లపై ఆనించి, సగములోనే కూర్చుందురు. కొందరి పెదవులు కదలును గాని కన్నులు ప్రక్కవాని పుస్తకములో నుండును. అప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేయుచుండును? హాజరు పట్టీ తెరచుచు, తల యెత్తకయే, "సిట్ డౌన్" అనును. పిల్లలు గోడకు నమస్కరించిరి. గోడ కూర్చుండుమన్నది. పిల్లల స్వరము సాగుటకు ఉపాధ్యాయుని వంగిన తలయే మొదటి కారణమని నేను చాల ఆలస్యముగా గ్రహించితిని.

ఈ సాగదీయుటను గూర్చి వ్యాకరణములో ఒక ముచ్చట యున్నది. పదవ తరగతివారికి హ్రస్వ దీర్ఘ ప్లుతములు తెలియును. హ్రస్వమునకు 1 మాత్ర, దీర్ఘమునకు 2 మాత్రలు, ప్లుతమునకు 3 మాత్రలు. ప్లుతము ఎక్కడ వచ్చునో సంస్కృతమునకు వ్యాకరణము కట్టిన పాణిని తన అష్టాధ్యాయి యెనిమిదవ అధ్యాయములో విధించినాడు. దూరమున నున్నవానిని పిలుచునప్పుడు వచ్చును. మరియొక తావు ప్రత్యభివాదనము, అనగా నమస్కారమునకు బదులు పలుకుట. పూర్వము శిష్యుడు గురువు నెదుట నిలిచి, తన పేరు చెప్పికొని నమస్కరించెడివాడు. గురువు దీర్ఘాయువు కలుగునట్లు దీవించి, శిష్యుని పేరు పెట్టి పిలుచుచు, ఆ పేరు చివరి అచ్చును 3 మాత్రల కాలము పలికెడివాడు.

అనగా నాడు సాగిన స్వరము శిష్యునిది కాదు, గురువుది. సాగినది "సార్" అను మాట కాదు, శిష్యుని పేరు. నేడు మన తరగతులలో అది తలక్రిందులైనది. పిల్లలు మన బిరుదమును సాగదీయుదురు. మనము వారి పేరే యెత్తము. ఆ సూత్రము శూద్రులకు ఈ మర్యాదను నిరాకరించినదని గూడ దాచకుండ చెప్పవలెను. అది ఆ కాలపు సంఘములోని దోషము. మన గదిలో అట్టి మినహాయింపునకు తావు లేదు. ఆ దోషమును విడిచి, బదులు పలుకుట గురువునకు విధి యను ఒక్క మాటను మాత్రము నేను గ్రహించుచున్నాను. ఇది చదువుకొన్న నాడు నాకు వట్టి సూత్రముగానే యుండెను. దానికి అర్థము తెలిసినది ఉద్యోగములో చేరిన తరువాతనే.

నేను తెలుగు పండిత శిక్షణ పొందినది సరిహద్దుకు ఆవల, చిత్తూరు జిల్లాలో. అక్కడ మాకు పాఠ్యప్రణాళిక వ్రాయుట నేర్పిరి. ఉన్ముఖీకరణము, ఆదర్శ పఠనము, కఠిన పదములకు అర్థములు, పునశ్చరణము, ఇంటిపని, ఇట్లు ప్రతి నిమిషమునకు ఒక గడి ఉండెడిది. ఉపాధ్యాయుడు గదిలోనికి వచ్చుటకును ఉన్ముఖీకరణమునకును నడుమ ఏమి జరుగునో ఆ ప్రణాళికలో గడి లేదు. నమస్కారమును గూర్చి నాకెవరును చెప్పలేదు. నేనును అడుగలేదు.

2004వ సంవత్సరమున హోసూరు ప్రాంతములోని యొక పాఠశాలలో చేరితిని. ఎనిమిదవ తరగతి నాది. అందులో 36 మంది పిల్లలు. ఇండ్లలో తెలుగు, సంతలో కన్నడము, బస్సులో తమిళము మాటలాడు పిల్లలు. క్రొత్త పంతులుకు ఉండు ఉత్సాహము నాకును ఉండెను. మొదటి దినముననే వారి సాగుడు నమస్కారము నా చెవికి కటువుగా తోచినది. "ఇది నమస్కారమా, జోలపాటా?" అని కసరితిని. మరునాటి నుండి ఒక క్రొత్త కట్టడి చేసితిని. ఉదయము మొదటి పీరియడ్‌లో నేను గుమ్మము వద్ద నిలుతును. ఒక్కొక్కరే వచ్చి, నా ముఖము చూచి, "నమస్కారమండీ" అని స్పష్టముగా పలికి లోనికి పోవలెను. గుంపులో దాగికొని పలుకు నమస్కారము కంటె ఒంటరిగా పలుకు నమస్కారము మేలైనదని నా నమ్మకము.

ఒక వారము బాగుగా జరిగినది. కొందరు బాలికలు సిగ్గుపడిరి, కొందరు బాలురు నవ్విరి, తరువాత అలవాటు పడిరి. ప్రధానోపాధ్యాయులు సయితము చూచి మెచ్చుకొనిరి. కాని ఒక్క బాలుడు మాత్రము నా యెదుటికి వచ్చి నోరు మెదపకుండ నిలిచెడివాడు. పెదవులు బిగించి, కన్నులు నేలకు దించి, మెడ నరములు ఉబ్బగా నిలిచెడివాడు. "ఏమిరా, నమస్కారము చెప్పవా?" అంటిని. మాట లేదు. వెనుక పిల్లలు వరుసలో నిలిచియున్నారు. "పోరా లోపలికి" అని విసుగుకొంటిని.

మూడవ దినము నుండి అతడు ఆలస్యముగా రాసాగెను. ప్రార్థనకు ఉండును. గంట కొట్టిన తరువాత ఎక్కడికో పోవును. వరుస ముగిసి, నేను బోర్డుపై తేదీ వ్రాయుచున్నప్పుడు వెనుక తలుపు నుండి జారి వచ్చి కూర్చుండును. దినమునకు 7, 8 నిమిషముల ఆలస్యము. నన్ను తప్పించుకొనుచున్నాడని అర్థమైనది. ఎందుకో అర్థము కాలేదు. పొగరనుకొంటిని.

ఒక శుక్రవారమున పద్యపఠనము. నేనొక పాదము చదువగా తరగతి అంతయు వెంట చదువవలెను. నేను బెంచీల నడుమ తిరుగుచు వినుచుంటిని. ఆ బాలుని ప్రక్కకు వచ్చునప్పటికి అతని గొంతు ఖంగున వినబడినది. ఒక్క అక్షరము తడబడలేదు. యతి వద్ద ఆగవలసిన చోట ఆగుచున్నాడు. సమాసము విరువకుండ చదువుచున్నాడు. తరగతిలో అంత చక్కగా చదివినవాడు మరియొకడు లేడు.

నాకు సంతోషము కలుగవలసినది. కోపము వచ్చినది. పద్యము ఆపి, "లేవరా. పద్యమునకు నోరు వచ్చును, పంతులుకు నమస్కారము చెప్పుటకు రాదా? ఇప్పుడు చెప్పు, అందరి యెదుట" అంటిని. అతడు లేచెను. "న..." అని ఒక ధ్వని వచ్చి ఆగిపోయినది. దవడ బిగిసినది. కన్నులు గట్టిగా మూసికొన్నాడు. వెనుక ఎవరో కిసుక్కున నవ్విరి. దానిని నేను నాటకమనుకొంటిని. "నమస్కారము వచ్చువరకు అట్లే నిలువుము" అని పాఠము సాగించితిని. ఆ పీరియడ్ మిగిలిన 25 నిమిషములును అతడు నిలిచియే యుండెను.

సోమవారము అతడు బడికి రాలేదు. మంగళ, బుధవారములును రాలేదు. గురువారము ఉదయము అతని తండ్రి వచ్చెను. గులాబి తోట కాపు రైతు. తెల్లవారు జామున పూలు కోసి హోసూరు మార్కెట్టులో వేసి, ఖాళీ గంపలు మోపెడు మీద కట్టుకొని నేరుగా బడికి వచ్చినాడు. చెప్పులు గుమ్మము బయట విడిచి, రెండు చేతులు జోడించి, "దండాలు అయ్యవారూ" అనెను.

"రాన్నా, కూర్చో. మీవాడు మూడు దినముల నుండి రాలేదు, ఏమైనది?" అంటిని.

"బడికి పోనంటాడు అయ్యవారూ. మిమ్మల్ని ఏమీ అనలేదు వాడు. నా మొగం చూసి ఏడుస్తా ఉండాడు. వానికి నత్తి. పుట్టినప్పటినుంచి కాదు, నాలుగేండ్లప్పుడు వచ్చింది. 'న' అన్నా 'మ' అన్నా గొంతులో పట్టుకుంటుంది. వాని అమ్మను 'అమ్మా' అని పిలిచేదానికే ఒక్కోసారి నిమిషం పడుతుంది. అందరితో కలిసి చెప్పితే మాత్రం ఒక్క మాట తట్టుకోడు. భజనలో పాడతాడు, ఎవురూ నమ్మరు. ముందరి బడిలో అందరూ కలిసి నమస్కారం చెప్తా ఉండిరి కదా, వానికి ఏ కష్టమూ ఉండలేదు. రోజులో వాడు తడబడకుండా మాట్లాడేది ఆ ఒక్క మాటే అయ్యవారూ."

ఆ చివరి వాక్యము విన్న తరువాత నేనేమి మాటలాడితినో నాకు జ్ఞాపకము లేదు. ఆ రైతు చేతులు ఇంకను జోడించియే యుండెను. ఆయన నాకు నమస్కరించి అప్పటికి చాల సేపైనది. నేనింకను బదులు నమస్కారము చేయలేదు. అది మాత్రము జ్ఞాపకమున్నది.

నత్తిని గూర్చి తరువాత తెలిసికొంటిని. పలువురితో కలిసి ఒకే మాటను ఒకేసారి పలుకునప్పుడు నత్తి గలవారిలో చాలమందికి తడబాటు మాయమగును, లేదా మిక్కిలి తగ్గును. పాటలోను అంతే. ఇది వైద్యులు బాగుగా ఎరిగిన విషయము. కారణములను గూర్చి వారిలో పలు అభిప్రాయములున్నవి. ప్రక్కవారి గొంతు ఊతకఱ్ఱవలె ఆసరా ఇచ్చునని మనము సులభముగా అనుకొనవచ్చును. ఒంటరిగా, అందులోను ఒకరు వేచియుండి చూచుచుండగా, నిర్ణీతమైన ఒకే మాటను పలుకవలసి వచ్చినప్పుడు తడబాటు హెచ్చగును. మనము మామూలుగా మాటలాడునప్పుడు పట్టుపడు మాటను విడిచి మరియొక మాట వేసికొందుము. నమస్కారమునకు మారుమాట లేదు. నేను చేసిన కట్టడి, తెలిసి చేసినట్లే, ఆ బాలుని గొంతునకు ఉరియైనది.

నత్తి గల పిల్లలున్న తలిదండ్రులకును, తోడి విద్యార్థులకును ఇక్కడ ఒక మాట. అట్టివారు మాట కొరకు పెనుగులాడునప్పుడు ఆ మాటను మీరు అందింపవద్దు. "మెల్లగా చెప్పు, ఊపిరి తీసికో" అని బోధింపవద్దు. వారి ముఖము వైపు చూచుచు, తొందరపడకుండ, మాట ముగియువరకు వినుడు. నత్తి మొండితనము కాదు, బుద్ధిమాంద్యమును కాదు. చిన్న వయసుననే తగిన చికిత్సకులకు చూపించుట మేలు.

శుక్రవారము నాడు ఆ బాలుడు తండ్రి వెంట వచ్చెను. తరగతిలో మొదటి గంట కొట్టునప్పటికి నేను గుమ్మము వద్ద నిలువలేదు. బల్ల యొద్దకు పోయి నిలిచి, "ఇక మీదట పూర్వమువలెనే అందరు కలిసి నమస్కారము చెప్పుదము. వెనుకటి శుక్రవారము నేనొక తప్పు చేసితిని. తెలియక ఒకరిని నిలువబెట్టితిని. అది నా తప్పు" అంటిని. ఎవరిని గూర్చియో అందరికిని తెలియును. పేరు నేను చెప్పలేదు. పిల్లలు లేచిరి. "నమస్కారం సార్." ఆ గుంపులో ఒక గొంతును నేను వెదకికొని వింటిని. అది ఉన్నది.

కలిసి పలుకు నమస్కారమును మరల తెచ్చినను, దానిలోని జోలపాటను మాత్రము మరల రానీయలేదు. అందులకు పిల్లలను కసరవలసిన పని లేకపోయినది. నన్ను నేను దిద్దుకొనవలసి వచ్చినది. నేను చేసినది ఇంతే. గంట కొట్టిన వెంటనే గదిలో నుందును. నేను రెండు నిమిషములు ఆలస్యముగా పోయిన దినమున నమస్కారము చెదరియుండును. మాటలాడుకొనుచున్న పిల్లలు ఒక్కొక్కరుగా లేతురు. సకాలమున పోయినచో ఒక్కసారిగా లేతురు. చేతిలోని పుస్తకములు బల్లపై పెట్టి, ఖాళీ చేతులతో నిలుతును. వారు పలుకుచున్నంత సేపు ఎడమ బెంచీ నుండి కుడి బెంచీ వరకు ముఖములను చూతును. వారు ముగించిన తరువాత చేతులు జోడించి "నమస్కారము, కూర్చుండుడు" అందును. ఆపైన ఆ దినమున నా చూపునకు తగిలిన ఒకరిద్దరిని పేరు పెట్టి పలుకరింతును. "నీ జ్వరము తగ్గినదా?" "మీ యక్క పెండ్లి బాగుగా జరిగినదా?" అంతకన్న ఎక్కువ లేదు. పాణిని విధించిన 3 మాత్రలు నాకు రావు గాని, పేరు మాత్రము విడువను.

ఒక పక్షము గడచునప్పటికి సాగుడు తనంతట పోయినది. పిల్లలను గమనింపగా కారణము తెలిసినది. తమ వైపు ఎవరును చూడనప్పుడే స్వరము సాగును. చూచుచు వేచియున్న మనిషికి ఎవరును జోలపాట పాడరు. మాటను మాటగానే చెప్పుదురు.

ముఖములు చూచుటవలన మరియొక లాభము కలిగినది. ప్రతి దినము అదే క్షణమున అదే ముఖములను చూచువానికి, వాటిలోని మార్పు తెలియును. రాత్రి నిద్ర లేనివాడు లేచుటలో వెనుకబడును. కడుపులో ఏమియు లేక వచ్చిన పిల్ల బల్ల పట్టుకొని లేచును. కొట్లాడుకొన్న ఇద్దరు స్నేహితుల నడుమ జానెడు ఎడము హెచ్చగును. హాజరు పట్టీ ఎవరు వచ్చిరో చెప్పును. ఆ అర నిమిషము ఎట్లు వచ్చిరో చెప్పును. కాలు బాగులేని పిల్లవాడొకడు లేచుటకు కష్టపడుట నాకు అప్పుడే కంటబడినది. నీవు కూర్చుండియే నమస్కరింపుమంటిని. లేచి నిలుచుట నమస్కారమునకు గుర్తే గాని నమస్కారము కాదు.

ఆ నత్తి బాలుడు ఎనిమిదవ తరగతి ముగియువరకు ఒంటరిగా నాకు నమస్కారము పలుకలేదు. బాటలో ఎదురైనచో చేతులు జోడించెడివాడు. నేనును చేతులు జోడించి అతని పేరు పలికెడివాడను. అంతటితో మా పలుకరింపు ముగిసెడిది. పదవ తరగతి పరీక్షలు వ్రాసిన తరువాత టి.సి. కొరకు వచ్చినప్పుడు, ఆఫీసు గుమ్మము వద్ద నిలిచి, చేతులు జోడించి, "న...న..." అని మొదలుపెట్టెను. నేను లేచి నిలిచితిని. గుమాస్తా ఏదో అందింపబోగా చేతితో వారించితిని. ఎంత సేపు పట్టినదో లెక్కపెట్టలేదు. "నమస్కారం సార్" అని పూర్తిగా చెప్పి, అతడే నవ్వెను. అతని పేరు పలికి నేనును నమస్కరించితిని. ఆ మాటను నేను కోరలేదు. దండన చేసి పుట్టింపలేకపోయిన మాట రెండేండ్ల తరువాత దానంతట వచ్చినది.

ఇక మన ప్రాంతపు పిల్లలకు ఒక విశేషమున్నది. వీరు ఒక్క దినములోనే మూడు నాలుగు భాషలలో నమస్కరింతురు. నా పీరియడ్‌లో "నమస్కారం". తమిళ పీరియడ్‌లో "వణక్కం ఐయా". ఇంగ్లీషు పీరియడ్‌లో "గుడ్ మార్నింగ్ సార్". సాయంకాలము కన్నడము మాటలాడు ఇరుగుపొరుగు ఎదురైనచో "నమస్కార". ఏ మాట మేలు అని కొందరు తలిదండ్రులు నన్నడుగుచుందురు. తమిళములో "వణంగు" అనగా వంగుట, మ్రొక్కుట. "వణక్కం" అందుండి వచ్చినది. "నమస్సు" అనగా గూడ వంగుటయే. రెండు మాటలును ఒకే తలవంపును చెప్పుచున్నవి. ఎదుటివాని భాషలో అతనికి నమస్కరించుట పరాయితనము కాదు, మర్యాద. అయితే తమిళ అయ్యవారి యెదుట "వణక్కం" లోని "ణ"కారమును "న"కారము చేయరాదు. నా యెదుట "నమస్కారం" లోని "స్క"ను మ్రింగరాదు. మాటను సరిగా పలుకుటయు నమస్కారములో భాగమే. తెలుగు పీరియడ్‌లో మాత్రము తెలుగులోనే నమస్కరింపుడని కోరుదును. ఈ పిల్లలలో కొందరికి ఇంటి వెలుపల తెలుగు నోటికి వచ్చు మొదటి సందర్భము అదియే గనుక.

అమ్మా, జూన్ నెలలో అడిగిన బాలికా, నీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పెదను. మనసులో గౌరవముండి నోట చెప్పలేనివాడు తప్పు చేసినవాడు కాడు. అది నేను ఒక పిల్లవానిని 25 నిమిషములు నిలువబెట్టి నేర్చుకొంటిని. మనసులో లేకుండ నోట చెప్పినది చాలునా అంటివి. ఒక్క దినమునకు చాలదు. అయినను గౌరవము ముందే మనసులో నిండియుండి నమస్కారముగా పొంగివచ్చునని నేననుకొనను. దినదినము నీవు లేచి చూతువు, నేను ఆగి చూతును. నీవు నా పని మొదలగుటకు చోటిత్తువు. నేను నీ పేరు జ్ఞాపకముంచుకొందును. ఇట్లు వందల సార్లు జరిగిన మీదట, ఒకరిని గూర్చి ఒకరికి కొంత తెలియును. ఆ తెలిసినదానిపై గౌరవము నిలుచును. ఇద్దరిలో ఒకరు మానివేసినచో నిలువదు. నేను మానివేసినట్లు, అనగా తల యెత్తక "కూర్చోండి" అన్నట్లు నీకెప్పుడైన కనబడినచో, నీవు కూర్చుండక నిలిచి అడుగుము. జూన్‌లో అడిగినట్లే.

ఈ మాటలను పత్రికకు పంపుటకు ముందు ఆమెకు చదివి వినిపించితిని. ఆమె అంతయు విని, "అయితే సార్, ఆ అన్న పద్యం ఇప్పుడూ చదువుతాడా?" అని అడిగెను.

చదువుచున్నాడు. గులాబి తోట ఇప్పుడతనిదే. ఊరి భజనలో ముందు గొంతు అతనిది. పోయిన సంక్రాంతికి ఎదురైనప్పుడు, నేనే ముందుగా చేతులు జోడించితిని.